అదే తేదీకి రెండు అంకెలు: డాష్‌బోర్డ్‌లో మెట్రిక్ పడిపోతే ఇంజినీర్లకు బగ్ రిపోర్ట్ రాయడం ఎలా

ఒంగోలులో ఒక ప్రైవేటు డెయిరీకి డేటా అనలిస్టుగా చేస్తున్నాను. ఊళ్లలో పాల కేంద్రాలు మావి, డేటా పైప్‌లైన్ చూసే ఇంజినీర్లు హైదరాబాద్‌లో ఉంటారు. ఒక బుధవారం పొద్దున మా డాష్‌బోర్డ్‌లో ఒక అంకె 68 నుంచి 54కి పడింది. దాని మీద నేను రాసిన బగ్ రిపోర్ట్‌ని అడుగు అడుగునా ఎలా కట్టానో ఇక్కడ చెప్తాను. మీది పాలు కాక రొయ్యలో పొగాకో అయినా, తేదీ, వేళ మీద ఆధారపడే మెట్రిక్ ఏదైనా ఈ దారి పనికొస్తుంది.

ముందు ఆ మెట్రిక్ ఏమిటో చెప్పాలి. మా దగ్గర దాని పేరు ‘రెండు పూటల రైతుల శాతం’. ఒక రోజున పాలు పోసిన రైతుల్లో ఎంతమంది పొద్దునా సాయంత్రం రెండు పూటలా పోశారన్నది లెక్క. ఒక పూట మనకి పోసి రెండో పూట పక్క డెయిరీకి పోసే రైతు రేపో మాపో పూర్తిగా అటు వెళ్లిపోతాడని మా ప్రొక్యూర్‌మెంట్ వాళ్ల భయం. అందుకే రోజు మొత్తం లీటర్ల కన్నా ముందు ఈ అంకె చూస్తారు.

మొదట: నిజంగా తగ్గిందా, లెక్క మారిందా?

అంకె తగ్గగానే టికెట్ తెరవకండి. బయట ప్రపంచంలో ఏదైనా జరిగి ఉండొచ్చు. పండగ కావచ్చు, పక్క డెయిరీ లీటరుకి రెండు రూపాయలు పెంచి ఉండొచ్చు, పాలలో కొవ్వు చూసే ఎనలైజర్ చెడి ఒక రూట్ మొత్తం ఆగి ఉండొచ్చు. ఎవరో మ్యాపింగ్‌ని సరిగ్గానే మార్చి ఉండొచ్చు కూడా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి పోయింది. అప్పట్లో జిల్లాల వారీ గ్రాఫు వేసుకున్న వాళ్లెవరికైనా ప్రకాశం గీత కిందికి జారే ఉంటుంది. అది బగ్ కాదు, జిల్లానే చిన్నదైంది.

ఈ రెంటినీ విడదీయడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఒకటే. ఒకే తేదీకి నిన్న చూపించిన అంకె, ఇవాళ చూపిస్తున్న అంకె ఒకటేనా?

మా డాష్‌బోర్డ్ రోజూ పొద్దున ఒక మెయిల్ పంపుతుంది. జూలై 14 మంగళవారం వచ్చిన మెయిల్‌లో 13వ తేదీ సోమవారానికి 68 అని ఉంది. 15 బుధవారం డాష్‌బోర్డ్ తెరిస్తే అదే 13వ తేదీకి 54 అని ఉంది. సోమవారం పాలు సోమవారమే పోసేశారు. రైతు బుధవారం ఏం చేసినా సోమవారం లెక్క మారదు. కాబట్టి మారింది మనమే. ఈ ఒక్క జంట అంకెలు చేతిలో ఉంటే ‘సీజన్ అయ్యుంటుందిలే’ అనే మాటకి తావుండదు.

పాత మెయిలు లేకపోతే పాత స్క్రీన్‌షాట్ వెతకండి, ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టే ఉంటారు. అదీ దొరక్కపోతే ఎక్సెల్‌లోకి దింపుకున్న పాత ఫైలు చూడండి. ఈ సంగతి తర్వాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. ముఖ్యమైన నాలుగు అంకెల్ని రోజూ ఒక షీట్‌లో, తీసిన వేళతో సహా అతికించి పెట్టుకుంటున్నాను. రెండు నిమిషాల పని.

అంకె మారిందని తేలినా ఒక ఫోను మాత్రం చేయండి. నేను కొండపి వైపు ఒక కేంద్రం సెక్రటరీకి చేశాను.

“బాబాయ్, మీ కాడ సాయంత్రం పాలు తగ్గినయ్యా?”

“తగ్గేదేందబ్బాయ్, క్యాన్లు చాలక పక్కూరి నుంచి రెండు తెచ్చుకున్నాం. ఎవురు చెప్పారు నీకు?”

నేనే చెప్తున్నానని ఆయనకి చెప్పలేదు. మా డాష్‌బోర్డ్‌లో ఆయన కేంద్రం 72.5 నుంచి 42.5కి పడి ఉంది.

రెండోది: ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు

రిపోర్ట్‌లో ‘పడిన’ చోటు అందరూ రాస్తారు. ఇంజినీరుకి అసలు దారి చూపేది పడని చోటు. నేను కేంద్రాల వారీగా విడగొట్టి చూస్తే కొన్నింట్లో అంకె చెక్కు చెదరలేదు, కొన్నింట్లో సగానికి వచ్చింది. రూట్‌కీ పొంతన లేదు, మండలానికీ లేదు, ఎనలైజర్ కంపెనీకీ లేదు. గంటసేపు అక్కడే ఆగిపోయాను.

మరి ఏ కేంద్రం ఎప్పుడు తెరుస్తారో పక్కన పెట్టుకుంటే విడిపోయింది. పొద్దున 5 గంటలకే తెరిచే కేంద్రాలన్నీ కలిపి 71 నుంచి 46కి పడ్డాయి. పొద్దున 6కి, సాయంత్రం ఐదున్నర తర్వాత తెరిచే కేంద్రాలు మాత్రం 64 దగ్గర అలాగే నిలబడ్డాయి. కాబట్టి గొడవ ఊళ్లో లేదు, వేళలో ఉంది.

అప్పుడు డాష్‌బోర్డ్‌లోనే ఈ క్వెరీ నడిపి రెండు పూటల లీటర్లు విడివిడిగా తీశాను.

```sql
SELECT poured_at::date AS d,
       CASE WHEN extract(hour FROM poured_at) < 12
            THEN 'AM' ELSE 'PM' END AS shift,
       sum(litres)
FROM milk_pour
GROUP BY 1, 2;
```

రోజు మొత్తం లీటర్లు దాదాపు కదల్లేదు. కానీ పొద్దుటి వాటా 56 శాతం నుంచి 47కి దిగింది, దిగినంతా సాయంత్రానికి చేరింది. పాలు పోలేదు, పూట మారింది. రిపోర్ట్‌లో ఈ మాట తప్పకుండా రాయాలి. మొత్తం లీటర్లు సరిపోయాయంటే రికార్డులు తప్పిపోలేదనీ, డూప్లికేట్లు రాలేదనీ ఇంజినీరుకి వెంటనే అర్థమవుతుంది. వాళ్లు వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

మూడోది: ఒక్క చీటీని పట్టుకుని చివరిదాకా నడవండి

సగటులతో వాదిస్తే ఎంతసేపైనా వాదన నడుస్తుంది. పాలు పోసినప్పుడు రైతుకి ఇచ్చే చీటీ ఒక్కటి చూపిస్తే ఆగిపోతుంది. సెక్రటరీ బాబాయ్‌ని ఒక రైతు చీటీలు ఫొటో తీసి పంపమన్నాను. జూలై 13 పొద్దుటి చీటీ, పాలతో తడిసి అంచు ముడుచుకుపోయి ఉంది. మీద వేళ 05:12, గేదె పాలు 4.6 లీటర్లు, కొవ్వు 7.1. సాయంత్రం చీటీ మీద 17:48, 3.9 లీటర్లు.

డాష్‌బోర్డ్ వెనక ఉన్న టేబుల్‌లో ఈ రెంటినీ వెతికితే, పొద్దుటి 4.6 లీటర్లు జూలై 12 తేదీన, వేళ 23:42, సాయంత్రం పూటగా ఉన్నాయి. సాయంత్రం చీటీ 13వ తేదీనే ఉంది, వేళ మాత్రం 12:18.

5:12కీ ముందురోజు 23:42కీ మధ్య తేడా ఐదున్నర గంటలు. ఆ అంకె కనపడగానే ఈ దేశంలో డేటా పని చేసేవాళ్లు ఎవరైనా చెప్పేస్తారు. మన గడియారానికీ యూటీసీకీ మధ్య ఉన్న తేడా అదే.

ఇక లెక్క ఎలా చెడుతుందో చూడండి. యూటీసీలో రోజు మారేది మనకి పొద్దున ఐదున్నరకి. యూటీసీలో మధ్యాహ్నం పన్నెండు అంటే మనకి సాయంత్రం ఐదున్నర. కాబట్టి పొద్దున ఐదున్నరలోపు పోసిన పాలు ముందురోజు సాయంత్రంలో పడతాయి. సాయంత్రం ఐదున్నరలోపు పోసినవి అదే రోజు పొద్దుటి పూటగా మారతాయి. ఐదున్నర దాటినవి మాత్రం ఏ పూటకా పూట సరిగ్గానే ఉంటాయి. మన ఊళ్లలో పాలు పోసే వేళ సరిగ్గా ఈ గీత మీదే ఉంటుంది. అదీ మా ఖర్మ.

బాబాయ్ కేంద్రంలో ఆ సోమవారం 40 మంది పోస్తే 29 మంది రెండు పూటలా పోశారు. ఆ 29 మందిని వేళ బట్టి విడదీశాను. వీళ్లంతా రోజూ ఇంచుమించు అదే వేళకి వచ్చేవాళ్లే.

రెండు పూటలా ఐదున్నర దాటాక వచ్చేవాళ్లు 14 మంది. వీళ్లకి ఏమీ కాలేదు.

పొద్దున ఐదున్నరలోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత వచ్చేవాళ్లు 9 మంది. మన చీటీ రైతు వీళ్లలోనే. వీళ్లకి ఆ తేదీ కింద సాయంత్రం పాలు, మరుసటి పొద్దుటి పాలు, రెండూ సాయంత్రం పూటగానే పడ్డాయి. ఒక పూట రైతులైపోయారు.

పొద్దున ఆలస్యంగా, సాయంత్రం ముందుగా వచ్చేవాళ్లు ముగ్గురు. వీళ్లకి రెండు పూటలూ పొద్దుటివే అయ్యాయి. వీళ్లూ పోయారు.

ఇక రెండు పూటలా ఐదున్నరలోపే వచ్చేవాళ్లు ముగ్గురు. వీళ్ల దగ్గర నాకు కాసేపు బుర్ర తిరిగింది, ఎందుకంటే వీళ్ల లెక్క మొత్తం తప్పే, అయినా ఫలితం ఒప్పు. సాయంత్రం పాలు పొద్దుటివిగా, రేపటి పొద్దుటి పాలు ఇవాళ సాయంత్రానివిగా పడి, రెండు పూటలూ ఉన్నట్టే లెక్క తేలింది.

మిగిలింది 17 మంది. 40లో 17 అంటే 42.5 శాతం, డాష్‌బోర్డ్ అంకె దశాంశంతో సహా సరిపోయింది. మీ అనుమానం నిజమో కాదో తెలియాలంటే ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. ‘టైమ్ జోన్ అయ్యుంటుంది’ అని ఊహించడం ఎవరికైనా చేతనవును. ఆ ఊహ ప్రకారం రావాల్సిన అంకెని కాగితం మీద ముందే కట్టి, వచ్చిన అంకెతో పోల్చాలి. రెండూ కలవకపోతే మీకింకా కారణం దొరకనట్టే.

నాలుగోది: ‘నా దగ్గర బాగానే వస్తోందే’

ఈ మాట ఇంజినీరు అంటాడని మనం ఎదురుచూస్తాం. నా విషయంలో ముందు నాకే ఎదురైంది. పై క్వెరీని నా ల్యాప్‌టాప్ నుంచి DBeaver‌లో నడిపితే అంకెలన్నీ చక్కగా పాతవే వచ్చాయి. డాష్‌బోర్డ్‌లో మాత్రం తప్పు. క్వెరీ అదే, టేబుల్ అదే.

ఇంజినీర్లు 14వ తేదీ రాత్రి `poured_at` కాలమ్ రకాన్ని `timestamp` నుంచి `timestamptz`కి మార్చారు. మార్పులో తప్పేమీ లేదు, నిజానికి అదే మంచి పద్ధతి. కాకపోతే పోస్ట్‌గ్రెస్‌లో `timestamptz` నుంచి తేదీనో గంటనో అడిగితే, అది సెషన్ టైమ్ జోన్ ప్రకారం జవాబిస్తుంది. DBeaver లాంటి జావా టూళ్లు మన కంప్యూటర్ టైమ్ జోన్‌నే సెషన్‌కి పెడతాయి. కాబట్టి నాకు మన వేళ కనపడింది. రోజువారీ లెక్క కట్టే జాబ్ సర్వర్ మీద యూటీసీలో నడుస్తుంది, దానికి యూటీసీ కనపడింది. పాత `timestamp` రకానికి ఈ తేడా లేదు, ఎవరు అడిగినా రాసినదే చూపించేది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

దీంతో రిపోర్ట్‌లో పెట్టడానికి చక్కటి ఆధారం దొరికింది. రెండు పూటల రైతుల శాతం కట్టే క్వెరీని ముందు ఈ లైను పెట్టి నడపాలి:

```sql
SET TIME ZONE 'UTC';
```

తర్వాత దీన్ని పెట్టి మళ్లీ నడపాలి:

```sql
SET TIME ZONE 'Asia/Kolkata';
```

మొదటిదానికి 54, రెండోదానికి 68. ఎవరి మెషీన్ మీద నడిపినా ఇదే వస్తుంది. బగ్‌ని తిరిగి పుట్టించే విధానం ఇలా ఒక్క లైను తేడాతో చూపించగలిగితే మీటింగ్ అక్కర్లేదు. అంత తేలిగ్గా దొరక్కపోయినా, మీరు ఏ టూల్ నుంచి, ఏ యూజర్‌తో, ఏ టైమ్ జోన్‌లో నడిపారో మాత్రం రాయండి. `SHOW timezone;` కొడితే తెలుస్తుంది.

ఐదోది: తేదీల చిక్కు

రిపోర్ట్ రాసే ముందు నేను ఒక చోట బోల్తా పడబోయాను. గ్రాఫులో గీత జూలై 12 ఆదివారం నుంచి పడింది. ఇంజినీర్ల మార్పు 14 మంగళవారం రాత్రి జరిగింది. ‘12 నుంచి పడింది’ అని మాత్రమే రాసి ఉంటే, ‘మేం ముట్టుకుంది 14న, మాది కాదు’ అని పది నిమిషాల్లో టికెట్ మూసేసేవాళ్లు. అలా మూయడంలో వాళ్ల తప్పు కూడా ఉండేది కాదు.

జరిగిందేమిటంటే, మా రోజువారీ లెక్క రోజూ పొద్దున 9కి నడుస్తుంది, నడిచినప్పుడల్లా గడిచిన మూడు రోజుల్ని మళ్లీ కడుతుంది, ఆలస్యంగా వచ్చే చీటీల కోసం. 15 పొద్దున నడిచినప్పుడు 12, 13, 14 తేదీల్ని కొత్త పద్ధతిలో కట్టింది. 11 దాకా పాతవి అలాగే ఉన్నాయి. కాబట్టి రిపోర్ట్‌లో రెండు తేదీలు విడివిడిగా రాయాలి: ఏ తేదీల డేటా తప్పింది, ఏ రోజు నడిచిన రన్ నుంచి తప్పింది. అనలిస్టులు రాసే టికెట్లలో నేను ఎక్కువగా చూసే లోపం ఈ రెంటినీ కలిపేయడమే. నా పాత టికెట్లలోనూ అదే ఉంది.

ఇంకో జాగ్రత్త. ఈలోగా ఎవరైనా మంచి మనసుతో టేబుల్ మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టించారనుకోండి. అప్పుడు పాత నెలలన్నీ కూడా 54 చుట్టూ దిగిపోతాయి, గ్రాఫులో మెట్టు మాయమైపోతుంది, మీ ఆధారం మాయమైపోతుంది. కాబట్టి ముందే గ్రాఫు స్క్రీన్‌షాట్, ఆ రోజువారీ టేబుల్ కాపీ తీసి పెట్టుకోండి. పూర్తి రీఫ్రెష్ వద్దని టికెట్‌లోనే రాయండి.

ఆరోది: ఇక రాయడం

రెండేళ్ల కిందట నేను రాసిన ఒక టికెట్ ఇలా ఉంది: “డాష్‌బోర్డ్ అంకెలు తప్పు వస్తున్నాయి. నిన్నటి పైప్‌లైన్ మార్పు వల్లే. అర్జెంటుగా చూడగలరు.” ఏ అంకె, ఎంత ఉండాలి, ఎంత ఉంది, ఏదీ లేదు. ఉన్నదల్లా నింద. దానికి మూడు రోజుల తర్వాత “వివరాలు పంపగలరా?” అని జవాబొచ్చింది. రావాల్సిందే.

ఈసారి రాసింది ఇది. పేర్లు తీసేశాను, మిగతాదంతా ఉన్నదున్నట్టు.

> శీర్షిక: రెండు పూటల రైతుల శాతం 68 నుంచి 54కి మారింది (జూలై 12–14 డేటా, జూలై 15 ఉదయం 9 రన్ నుంచి)
>
> ఏం కనపడింది: జూలై 13కి 14వ తేదీ మెయిల్‌లో 68 ఉంది. అదే జూలై 13కి 15వ తేదీ డాష్‌బోర్డ్‌లో 54 ఉంది. రెండు స్క్రీన్‌షాట్లూ జతచేశాను.
>
> ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు: ఉదయం 5కి తెరిచే కేంద్రాల్లో 71 నుంచి 46. ఉదయం 6కి, సాయంత్రం 5:30 తర్వాత తెరిచే కేంద్రాల్లో 64, మార్పు లేదు. రోజు మొత్తం లీటర్లు సరిపోతున్నాయి. ఉదయం పూట వాటా 56 నుంచి 47 శాతానికి తగ్గింది.
>
> ఒక ఉదాహరణ: చీటీ ఫొటోలో జూలై 13, 05:12, 4.6 లీటర్లు. జాబ్ చదివే రూపంలో జూలై 12, 23:42, పూట `PM`.
>
> తిరిగి పుట్టించడం: జతచేసిన క్వెరీని `SET TIME ZONE 'UTC'` తో నడిపితే 54, `'Asia/Kolkata'` తో నడిపితే 68.
>
> నా అనుమానం (నిర్ధారణ కాదు): 14 రాత్రి `poured_at` రకం మారాక రోజువారీ జాబ్ తేదీని, పూటని యూటీసీలో తీస్తోంది. గ్రాఫు 12 నుంచి పడటానికి కారణం జాబ్ మూడు రోజులు వెనక్కి కట్టడం.
>
> ప్రభావం: రైతుల బిల్లులకి సంబంధం లేదు, అవి చీటీల నుంచే కడతాం. ఈ అంకె చూసి రూట్ సూపర్‌వైజర్లని సంజాయిషీ అడుగుతున్నారు. సాయంత్రం బండ్ల మార్పు మీద శుక్రవారం నిర్ణయం ఉంది, అంతకు ముందు సరైన అంకె కావాలి.
>
> నేను చూడనిది: పూటల వారీ కొవ్వు సగటు కూడా ఇదే `shift` వాడుతుంది, దాన్ని సరిచూడలేదు.
>
> దయచేసి: ఇది తేలేదాకా పూర్తి రీఫ్రెష్ వద్దు. డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక నేను పెట్టాను.

ఇందులో రెండు మూడు చోట్ల ఎందుకు అలా రాశానో చెప్పాలి. శీర్షికలో ‘టైమ్ జోన్ బగ్’ అని పెట్టలేదు. శీర్షిక చూసినదే చెప్పాలి. కారణం పెడితే, ఆ కారణం తప్పని తేలిన రోజున టికెట్ మొత్తం తప్పని మూసేస్తారు. అనుమానాన్ని అనుమానమనే రాశాను, ఎందుకంటే వాళ్ల కోడ్ నేను చదవలేదు, బయట నుంచి చూసి చెప్తున్నాను.

ప్రభావంలో బిల్లులకి సంబంధం లేదని మొదటే రాయడం కావాలని చేసిందే. డెయిరీలో పూట తప్పు పడిందంటే అందరి గుండె బిల్లు దగ్గరే ఆగుతుంది. అక్కడ భయం లేదని తెలిస్తే ఇంజినీరు రాత్రికి రాత్రి ఏదో అతుకు వేయకుండా నిమ్మళంగా చూస్తాడు. దాంతోపాటు శుక్రవారం గడువు ఉంది కాబట్టి పక్కన కూడా పెట్టడు. ‘అర్జెంట్’ అనే మాట కన్నా శుక్రవారం అనే మాటకి బలం ఎక్కువ.

చూడనిదేమిటో రాయడం వల్ల మన పరువేమీ పోదు. పూటల వారీ కొవ్వు సగటు నిజంగానే తప్పిపోయి ఉందని వాళ్లే కనిపెట్టారు.

చివరగా: సరిచేశాక సరిచూడటం

ఇక్కడ చాలామంది పాత అంకె తిరిగొచ్చిందా అని చూసి టికెట్ మూసేస్తారు. వేళ తేడాల్లో అది చాలదు, ఎందుకంటే ఈ తప్పుని ఇద్దరు రెండు చోట్ల సరిచేసే ప్రమాదం ఉంటుంది. ఒకరు జాబ్ సెషన్‌ని మన టైమ్ జోన్‌కి మారుస్తారు, ఇంకొకరు క్వెరీలో ఐదున్నర గంటలు కలుపుతారు. అప్పుడు వేళలన్నీ ఐదున్నర గంటలు ముందుకి పోతాయి. పొద్దున 6:40 చీటీ మధ్యాహ్నం 12:10 అయి సాయంత్రం పూటలో పడుతుంది. సాయంత్రం 6:45 చీటీ అర్ధరాత్రి దాటి రేపటి పొద్దుటిదవుతుంది. 5:12 చీటీ మాత్రం 10:42 అయి సరైన పూటలోనే కనపడుతుంది. అంటే మీరు ఫిర్యాదు చేసిన చీటీ సరిగ్గా ఉంటుంది, నిన్నటిదాకా బాగున్న కేంద్రాలు కూలతాయి. తెగే గీత ఐదున్నర నుంచి ఆరున్నరకి జరిగిందంతే.

అందుకని గీతకి రెండు పక్కలా చీటీలు ఎంచుకోండి. నేను నాలుగు ఇచ్చాను: పొద్దున 5:12, 6:40; సాయంత్రం 5:10, 6:45. నాలుగూ సరైన తేదీలో, సరైన పూటలో పడితేనే సరి.

సరిచేసే తీరు మీద నేను ఒక్క మాటే అడిగాను: సెషన్ మీద ఆధారపడకుండా టైమ్ జోన్‌ని లెక్కలోనే రాయమని.

```sql
(poured_at AT TIME ZONE 'Asia/Kolkata')::date
```

ఇది `timestamptz` కాలమ్‌కే సరిపోతుంది. టైమ్ జోన్ లేని `timestamp` కాలమ్ మీద ఇదే లైను తిరగబడి పని చేస్తుంది, ఆ వేళ ఇప్పటికే మన వేళ అనుకుని దాన్ని `timestamptz`గా మార్చేస్తుంది. యూటీసీ వేళలున్న మామూలు `timestamp` అయితే ముందు యూటీసీ అని చెప్పి, ఆ తర్వాత మన వేళకి తేవాలి:

```sql
((poured_at AT TIME ZONE 'UTC')
   AT TIME ZONE 'Asia/Kolkata')::date
```

రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి కాబట్టి కాలమ్ రకం ఏమిటో చూడకుండా పక్క టేబుల్‌కి కాపీ చేయకండి.

గురువారం సాయంత్రం సరిచేశారు. జూలై 12 నుంచి ఉన్న రోజుల్ని మాత్రమే మళ్లీ కట్టించారు. శుక్రవారం పొద్దున 13వ తేదీకి 68 వచ్చింది, బాబాయ్ కేంద్రం 72.5కి వచ్చింది, నాలుగు చీటీలూ వాటి చోట్లలో ఉన్నాయి. టికెట్‌లో ఆ నాలుగు వేళలూ, వాటి ఫలితాలూ రాసి మూశాను. డాష్‌బోర్డ్ మీద పెట్టిన హెచ్చరిక తీసేయడం మాత్రం మర్చిపోయాను. సోమవారం కొండపి రూట్ సూపర్‌వైజర్ ఫోన్ చేసి, “ఇంకా తప్పే చూపిస్తుందా తమ్ముడూ? మళ్లీ నన్నే అడుగుతున్నారు” అంటే అప్పుడు తీశాను.